ఫోన్ ఫార్మాట్ కొట్టించే ముందు, యాడ్ ఎక్కడి నుంచి వస్తుందో చూడండి



కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి. పుప్పాలగూడ, మణికొండ, నానక్‌రామ్‌గూడ చుట్టూ రూముల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకుంటూ, పని చేసుకుంటూ ఉన్న మన పిల్లలు ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్న మాట ఒకటే: "అన్నా, ఫోన్‌లో యాడ్స్ ఆగుతలేవు, ఏదో తెలియని యాప్ వచ్చింది, షాపోడు ఫార్మాట్ కొట్టాలంటున్నడు, కొట్టించాల్నా?" నా అభిప్రాయం సూటిగా చెప్తా. వద్దు. ముందే వద్దు. ఫార్మాట్ అనేది చివరి పని, మొదటి పని కాదు. యాడ్ ఏ దారిలో వస్తుందో చూడకుండా ఫార్మాట్ కొడితే, ఉన్నవి పోతాయి, ఆ దారి మాత్రం అట్లనే ఉంటది. వారం తర్వాత అదే సైట్ తెరుస్తాం, అదే యాప్ వేసుకుంటాం, మళ్లీ అదే యాడ్.

మన ఫోన్లలో ఏం ఉంటాయో ఒకసారి ఆలోచించండి. మీసేవలో తీసుకున్న కుల ధృవీకరణ పత్రం, ఇన్‌కం సర్టిఫికెట్, మెమోల ఫోటోలు ఉంటాయి. స్కాలర్‌షిప్ పడే బ్యాంకు ఖాతాకు కట్టిన సిమ్ అందులోనే ఉంటది. కొందరి ఫోన్లలో నాయనమ్మ లంబాడీలో, గోండిలో, కోయలో పాడిన పాటల రికార్డింగులు ఉంటాయి. అవి మళ్లీ దొరకవు. చాలామందికి లాప్‌టాప్ లేదు, బ్యాకప్ లేదు. కాబట్టి "ఫార్మాట్ కొడితే ఏం పోతది" అన్న మాట వేరేవాళ్లకు చెల్లుతదేమో, మనకు చెల్లదు.

అందుకే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే. యాడ్ ఎక్కడ కనిపిస్తోంది? దీనికి మూడు జవాబులుంటాయి. మూడింటికీ మందు వేరు.

మొదటిది: బ్రౌజర్‌లో, లేదా పైనుంచి దిగే నోటిఫికేషన్లలో

సినిమా కోసమో, రిజల్ట్ కోసమో, పీడీఎఫ్ పుస్తకం కోసమో ఒక సైట్ తెరుస్తాం. ఎక్కడ నొక్కినా ఇంకో పేజీ తెరుచుకుంటది. బెట్టింగ్, లోన్, "మీరు ఐఫోన్ గెలిచారు" అంటూ వస్తాయి. దీన్నే రీడైరెక్ట్ అంటారు. ఇక్కడ అర్థం చేసుకోవాల్సింది, ఇది మీ ఫోన్‌లో దూరిన వైరస్ కాకపోవచ్చు. ఆ సైట్ వ్యాపారమే అది. మనం వేసే మొదటి నొక్కును సైట్ యాడ్ కంపెనీకి అమ్ముకుంటది, రెండో నొక్కుకు గానీ అసలు పని జరగదు.

మన హైదరాబాద్‌లోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 2025 నవంబర్‌లో ఐబొమ్మ సైట్ నడుపుతున్నాడన్న ఆరోపణపై హైదరాబాద్ పోలీసులు ఒక వ్యక్తిని కూకట్‌పల్లిలో అరెస్టు చేశారు. సినిమా కోసం వచ్చిన జనాన్ని ఆ సైట్ బెట్టింగ్ యాప్‌ల వైపు మళ్లించేదని పోలీసులు చెప్పారు. అంటే ఫ్రీ సినిమా అనేది ఎర. నేను ఇక్కడ సినిమా చూసినోళ్లను తిట్టడానికి రాయట్లేదు. టికెట్ ధర, రూమ్ కిరాయి రెండూ మనకు తెలుసు. కానీ ఫ్రీగా ఇచ్చేవాడికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకుంటే, ఆ పేజీలో ఏది నొక్కొద్దో తెలుస్తది.

అన్నిటికంటే ముందు నొక్కకూడనిది "Allow". "మీరు రోబో కాదని నిరూపించడానికి Allow నొక్కండి" అని పేజీ అడుగుతది. అది రోబో పరీక్ష కాదు. ఆ సైట్‌కు మీ ఫోన్‌లో నోటిఫికేషన్లు పంపే అనుమతి. ఒక్కసారి ఇస్తే, సైట్ మూసినా, క్రోమ్ మూసినా, రాత్రి రెండు గంటలకైనా నోటిఫికేషన్లు వస్తనే ఉంటాయి. "మీ ఫోన్‌లో 13 వైరస్‌లు ఉన్నాయి, ఇప్పుడే శుభ్రం చేయండి" అని వచ్చేది కూడా ఎక్కువగా ఇదే. ఒక మాట గుర్తుపెట్టుకోండి: వెబ్ పేజీకి మీ ఫోన్‌ను స్కాన్ చేసే శక్తి లేదు. అది లెక్కపెట్టిన 13 వైరస్‌లు ముందే రాసిపెట్టిన అంకె. దాన్ని నమ్మి క్లీనర్ యాప్ వేసుకుంటేనే అసలు కథ మొదలైతది.

గుర్తుపట్టడం సులువు. ఆ నోటిఫికేషన్ మీద క్రోమ్ గుర్తు, పక్కన ఏదో సైట్ పేరు ఉంటాయి. దాన్ని తెరవకుండా గట్టిగా ఒత్తి పట్టుకుంటే అక్కడే ఆపేసే వీలు కనిపిస్తది. పూర్తిగా శుభ్రం చేయాలంటే క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి, Settings లోకి పోయి, Site settings, అందులో Notifications తెరవండి. అనుమతి ఇచ్చిన సైట్ల జాబితా వస్తది. తెలియని పేరు ప్రతిదీ తీసేయండి. అదే Site settings లో Pop-ups and redirects ఉంటది, అది ఆపేసి ఉందో లేదో చూడండి. ఐదు నిమిషాల పని. ఫోటో ఒక్కటి పోదు.

రెండోది: ఫోన్ అన్‌లాక్ చేయగానే, వాట్సాప్ మీద, హోం స్క్రీన్ మీద

బ్రౌజర్ తెరవకున్నా స్క్రీన్ నిండా యాడ్ వచ్చిందంటే లోపల ఒక యాప్ పని చేస్తోందని అర్థం. ప్లే స్టోర్‌లో దొరికింది కదా, అది మంచిదే అనుకోవద్దు. 2020 ఫిబ్రవరిలో గూగుల్ ఇట్లా అడ్డగోలుగా యాడ్స్ చూపించే దాదాపు 600 యాప్‌లను ప్లే స్టోర్ నుంచి ఒకేసారి తీసేసింది. తీసేసేదాకా అవి కూడా ప్లే స్టోర్‌లో ఉన్నవే.

మా పక్క రూమ్ తమ్ముడి ఫోన్ సంగతి చెప్తా, దీంతో మొత్తం అర్థమైతది. డిగ్రీ చదువుతూ సాయంత్రం డెలివరీ చేస్తడు. ఆండ్రాయిడ్ 13 ఫోన్. అన్‌లాక్ చేసిన ప్రతిసారీ యాడ్. ఆర్డర్ లొకేషన్ చూసుకునే టైంలో యాడ్ అడ్డమొచ్చి, మూసేసే లోపు రెండు పేజీలు తెరుచుకునేవి. షాపులో అడిగితే ఫార్మాట్ అన్నరు. ఆదివారం కూర్చుని వరుసగా చూశాం.

ముందు క్రోమ్ నోటిఫికేషన్లు చూశాం. మూడు చెత్త సైట్లు ఉంటే తీసేశాం. అయినా అన్‌లాక్ చేయగానే యాడ్ వచ్చింది. అంటే క్రోమ్ ఒక్కటే కాదు.

తర్వాత యాడ్ స్క్రీన్ మీద ఉండగానే, దాన్ని మూయకుండా రీసెంట్ బటన్ నొక్కాం. ఇది చాలా పనికొచ్చే చిట్కా. ఏ యాప్ యాడ్ చూపిస్తుందో దాని పేరు, బొమ్మ చాలాసార్లు అక్కడ దొరుకుతాయి. ఈ ఫోన్‌లో ఏం దొరకలేదు. తెలివైన యాప్‌లు ఆ వరుసలో కనిపించకుండా తమను తాము దాచుకుంటాయి.

అప్పుడు Settings లో Apps, అందులో Special app access, అందులో Display over other apps తెరిచాం. ఒక్కో కంపెనీ ఫోన్‌లో దారి ఒక్కో తీరుగా ఉంటది కాబట్టి, Settings పైన వెతికే పెట్టెలో display over అని కొడితే చాలు. ఈ జాబితానే ఎందుకంటే, ఆండ్రాయిడ్ 10 నుంచి వెనక పడి ఉన్న యాప్ తనంతట తాను స్క్రీన్ మీదికి రావడం కష్టం. ఈ అనుమతి ఉన్నదానికి మాత్రం ఆ అడ్డు ఉండదు. అందుకే యాడ్స్ చూపించే యాప్‌లు చాలావరకు ఈ అనుమతి అడిగి తీసుకుంటాయి.

ఆ జాబితాలో అనుమతి ఉన్నవి నాలుగే. డెలివరీ యాప్, నంబర్ ఎవరిదో చూపించే యాప్, ఒక ఫోటో సైజు తగ్గించే యాప్, ఇంకోటి పేరే లేకుండా ఖాళీగా ఉంది. డెలివరీ యాప్‌కు ఆ అనుమతి ఎందుకో అర్థమైతది, కొత్త ఆర్డర్ రాగానే పైకి రావాలి. ఫోటో సైజు తగ్గించే దానికి వేరే యాప్‌ల మీద కనిపించే పని ఏముంది? ఏ అనుమతి చూసినా వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే. ఈ యాప్ చేసే పనికి ఈ అనుమతి అవసరమా?

ఆ యాప్ ఎందుకొచ్చిందంటే, స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఫోటో, సర్టిఫికెట్ ఇన్ని కేబీల లోపలే ఉండాలని సైట్ అడుగుతది గదా. చివరి తేదీ రాత్రి కంగారులో వెతికి, మొదట కనిపించింది వేసుకున్నడు. మనోళ్లు చాలామంది చేసేది ఇదే. ఇట్లాంటి యాప్‌లు ఎక్కువగా దూరేది ఆట కోసం కాదు, దరఖాస్తు కోసం. సైజు తగ్గించే యాప్, పీడీఎఫ్ స్కానర్, క్యూఆర్ స్కానర్, పేరేదైనా ఇదే తంతు. స్కాన్ చేసుకోవడానికి ఫోన్‌లో ముందే ఉండే గూగుల్ డ్రైవ్ సరిపోతది. ఫోటో సైజు తగ్గాలంటే కత్తిరించి, స్క్రీన్‌షాట్ తీసుకున్నా కొన్నిసార్లు పని నడుస్తది.

పేరు లేని యాప్ మీద నొక్కి వివరాలు చూశాం. కింద App details దగ్గర అది ఎక్కడి నుంచి వచ్చిందో రాసి ఉంటది. ఇది ప్లే స్టోర్ నుంచి రాలేదు. ఏదో యాడ్ నొక్కినప్పుడు దిగిన ఫైల్‌ను తమ్ముడు ఇన్‌స్టాల్ చేసినట్టున్నడు. Uninstall నొక్కితే బటన్ వెలుగు లేకుండా ఉంది. అట్లుంటే అది డివైస్ అడ్మిన్ హక్కు పట్టుకుని కూర్చుందని అనుమానించాలి. Settings లో device admin అని వెతికి, ఆ జాబితాలో దాని టిక్ తీసేశాం. తర్వాత Uninstall పని చేసింది. ఫోటో యాప్‌ను కూడా తీసేశాం.

ఇంత చేసినా బటన్ మొండికేస్తే, లేదా సెట్టింగ్స్ తెరిచిన ప్రతిసారీ అదే మూసుకుపోతుంటే, సేఫ్ మోడ్ ఉంది. పవర్ మెనూలో Power off ను ఒత్తి పట్టుకుంటే చాలా ఫోన్లలో సేఫ్ మోడ్‌లో తెరవాలా అని అడుగుతది. ఆ మోడ్‌లో మనం వేసుకున్న యాప్‌లేవీ నడవవు. ఫోన్‌తో వచ్చినవే నడుస్తాయి. అక్కడ యాడ్ ఆగిపోయిందంటే తప్పు మనం వేసుకున్న యాప్‌దే. అక్కడి నుంచే తీసేయొచ్చు. కానీ ఒక మెలిక ఉంది. క్రోమ్ ఫోన్‌తోనే వస్తది కాబట్టి సేఫ్ మోడ్‌లోనూ నడుస్తది. అందుకే క్రోమ్‌ను ముందు శుభ్రం చేయమన్నా. లేకపోతే అక్కడ కూడా నోటిఫికేషన్ చూసి, ఫోనే ఖరాబైందని భయపడతాం.

చివరగా ప్లే స్టోర్‌లో పైన మన బొమ్మ మీద నొక్కి, Play Protect తెరిచి Scan నొక్కాం. ఏం దొరకలేదని చెప్పింది. ఆ మాటను సగమే నమ్మాలి. అన్నిటినీ అది పట్టుకోలేదు. అసలు పరీక్ష రెండు మూడు రోజులు మామూలుగా వాడి చూడటం. తమ్ముడి ఫోన్‌లో యాడ్ మళ్లీ రాలేదు. ఖర్చు సున్నా, పోయిన ఫోటో సున్నా.

ఇంకో సంగతి. కొన్ని చవక ఫోన్లలో లాక్ స్క్రీన్ మీద, ఫైల్ మేనేజర్‌లో వచ్చే యాడ్స్ ఫోన్ కంపెనీ తానే పెట్టినవి. అవి మాల్‌వేర్ కాదు, ఫార్మాట్ చేసినా పోవు. ఆ యాప్ సెట్టింగ్స్‌లో ఆపుకోవాల్సిందే.

మూడోది: యాడ్ కనిపించదు, కానీ డబ్బు పోతది

ఇది అన్నిటికంటే ప్రమాదం. ఎందుకంటే ఇది చప్పుడు చేయదు. ఆర్టీఓ చలానా అని, పీఎం కిసాన్ అని, బ్యాంకు కేవైసీ అని వాట్సాప్‌లో ఒక ఫైల్ వస్తది. పేరు చివర `.apk` అని ఉంటది. చలానా అయితే చూసుకునే కాగితం, అది యాప్ ఎందుకైతది? తెలంగాణలో పోలీసులు దీని గురించి చాలాసార్లు హెచ్చరించారు. దాన్ని వేసుకుంటే ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి అడుగుతది, అంటే ఓటీపీలు దానికి పోతాయి. యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతది, అంటే మీ స్క్రీన్ చూసి, మీ బదులు బటన్లు నొక్కగలదు. ఆండ్రాయిడ్ 13 నుంచి బయటి నుంచి వచ్చిన యాప్‌కు ఈ అనుమతిని ఫోన్ ముందుగా అడ్డుకుంటది. అప్పుడు మోసగాడు ఫోన్ చేసి, "సెట్టింగ్స్‌లో పోయి Allow restricted settings నొక్కండి" అని చెప్తడు. ఆ మాట ఎవరి నోట విన్నా ఫోన్ పెట్టేయండి.

వేసుకున్నామని తెలిస్తే వరుస మారుతది. ఇక్కడ శుభ్రం చేయడం తర్వాత, డబ్బు కాపాడటం ముందు. వెంటనే ఏరోప్లేన్ మోడ్ వేసి, వైఫై కూడా ఆపండి. ఆ ఫోన్‌లో యూపీఐ పిన్ కొట్టొద్దు. పక్కోళ్ల ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా, యూపీఐ ఆపించండి. డబ్బు పోయి ఉంటే 1930కి చేయండి, `cybercrime.gov.in` లోనూ ఫిర్యాదు పెట్టండి. ఎంత తొందరగా చేస్తే, డబ్బు ఇంకో ఖాతాకు పోకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. యాప్ పేరు, వచ్చిన మెసేజ్, పంపిన నంబర్ వేరే ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి, ఫిర్యాదుకు కావాలి. ఆ తర్వాతే సేఫ్ మోడ్‌లో దాన్ని తీసేయండి. పాస్‌వర్డులు వేరే ఫోన్ నుంచి మార్చండి. వాట్సాప్‌లో Linked devices చూసి తెలియనివి తీసేయండి.

ఇదిగో, ఫార్మాట్ నిజంగా అవసరమైన చోటు ఇదే. యాక్సెసిబిలిటీ ఇచ్చిన ఫోన్‌లో ఇంకేం దిగిందో మనకు తెలియదు కాబట్టి, ఫోటోలు, కాగితాలు, రికార్డింగులు మాత్రం బయటకు తీసుకుని ఫార్మాట్ కొట్టాలి. పాత యాప్‌లన్నీ ఒకేసారి వెనక్కి తెచ్చుకోకుండా, కావాల్సినవి ఒక్కొక్కటే ప్లే స్టోర్ నుంచి వేసుకోవాలి.

మన గ్రూపు చేయాల్సింది

నా అభ్యర్థన రెండు మాటలు. ఒకటి, మన గ్రూపులో ఎవరూ, ఎంత మంచి ఉద్దేశంతోనైనా, `.apk` ఫైల్ పెట్టొద్దు. అడ్మిన్ అన్నలు కనిపించగానే తీసేయాలి, పంపినోళ్లకు ఫోన్ చేసి అడగాలి. చాలాసార్లు పంపింది వాళ్లు కాదు, వాళ్ల ఫోన్‌లో దూరింది. స్కాలర్‌షిప్‌కు లింక్ కావాలంటే `telanganaepass.cgg.gov.in` అని చేత్తో కొట్టుకోండి.

రెండోది, అడిగినోళ్లను ఎగతాళి చేయొద్దు. "ఏ సైట్ చూసినవురా" అని నవ్వితే, తమ్ముడు ఇంకోసారి చెప్పడు. చెల్లె అయితే అసలే చెప్పదు, నేరుగా షాపుకు పోయి లాక్ తీసి ఫోన్ ఇస్తది. షాపులో ఫోన్ ఇవ్వడమంటే గ్యాలరీ, వాట్సాప్, అన్నీ ఇవ్వడమే. దానికంటే మనలో ఒకరి పక్కన కూర్చుని చూసుకోవడం నయం.

పండుగకు తండాకో, గూడేనికో పోయినప్పుడు ఇంకో పని చేయండి. మనం కొత్తది కొనుక్కుని ఇంటికిచ్చిన పాత ఫోన్‌తో పాటు, మనం నొక్కిన Allow లు కూడా అమ్మకు, బాపుకు ఇచ్చినట్టే. ఆ ఫోన్ తీసుకుని క్రోమ్ నోటిఫికేషన్లు, Display over other apps, device admin, accessibility, ఈ నాలుగు జాబితాలు చూడండి. బాపుకు పీఎం కిసాన్ పేరుతో ఫైల్ వచ్చేది ఆ ఫోన్‌కే.

సందేహాలు కింద రాయండి. రాసేటప్పుడు యాడ్ ఎక్కడ కనిపిస్తుందో, ఏ యాప్‌కు ఏ అనుమతి ఉందో చెప్పండి. నంబర్లు, బ్యాంకు వివరాలు మాత్రం పెట్టొద్దు.